మూలంలో లేని వాక్యం

మా నర్సీపట్నం కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పే మాధవి ఒక సెమినార్ పెట్టింది. పవిత్ర గ్రంథాలు తెలుగులోకి వచ్చాక వాటిని చదివేవాళ్ళు, అర్థం చెప్పేవాళ్ళు ఎలా మారారన్నది విషయం. "సార్, మీరు జీవితమంతా ఆ పనే చేశారు కదా, మీ అనుభవాలు ఒక వ్యాసంగా రాసివ్వండి" అని అడిగింది. రాసిచ్చాను. మంచి కాగితం మీద, మంచి భాషలో. దాన్ని ఇప్పుడు చించెయ్యాలని ఉంది. మీరు చదువుతున్నది ఆ వ్యాసం కాదు. ఆ వ్యాసం వేదిక మీద చదివాక జరిగినదాన్ని కలుపుకుని మళ్ళీ రాసినది. అనువాదం పనిలోకి వద్దామనుకునే కుర్రకారు ఉంటే, ముందు దీన్ని చదవండి.

మా పని ఏమిటంటే

నేను ఒక ధార్మిక ప్రచురణ సంస్థలో పనిచేశాను. పేరు అనవసరం. ఇప్పుడది లేదు. పురాణాలు, మాహాత్మ్యాలు, స్తోత్రాలు అచ్చువేసేవాళ్ళం. పేజీ పైన సంస్కృత శ్లోకం తెలుగు లిపిలో ఉంటుంది. దాని కింద ప్రతిపదార్థం, అంటే మాటకు మాట అర్థం. ఆ కింద తాత్పర్యం. మొత్తం శ్లోకం ఏం చెబుతోందో తెలుగు వాక్యాల్లో చెప్పే భాగం అది. నా ఉద్యోగం ఆ తాత్పర్యం రాయడం.

జనం అనుకున్నట్టు ఇది భక్తితో కళ్ళు మూసుకుని చేసే పని కాదు. నడుం నొప్పి పని. రెండు మూడు ప్రతులు ముందేసుకుని, ఎక్కడ తేడాలున్నాయో చూసుకుని, ఏ పాఠం తీసుకోవాలో తేల్చుకోవాలి. ప్రూఫుల్లో ఒత్తు జారితే దేవుడి పేరే మారిపోతుంది. ఇవన్నీ నేర్చుకోవచ్చు, పెద్ద విషయం కాదు. అసలు విషయం వేరే. మా పుస్తకం కొన్నవాళ్ళలో శ్లోకం అర్థమయ్యేవాళ్ళు ఎంతమంది? దాదాపు ఎవరూ లేరు. ప్రతిపదార్థం చూసేవాళ్ళు? కొందరు. అందరూ చదివేది తాత్పర్యమే. అంటే వాళ్ళ దృష్టిలో పురాణమంటే నేను రాసిన మాట. ఈ సంగతి నాకు ఉద్యోగంలో చేరిన కొత్తలోనే తెలుసు. తెలిసి భయపడాల్సింది. నేను మురిసిపోయాను.

చెవికి వచ్చింది ముందు, కంటికి వచ్చింది తరవాత

చరిత్ర పిల్లలు పరీక్షలో ఒక ముక్క రాస్తారు: సంస్కృతంలో ఉన్నప్పుడు కొందరికే, తెలుగులోకి రాగానే అందరికీ. నా వ్యాసంలో నేనూ అదే రాశాను, కాస్త అలంకారాలు తగిలించి. అది సగం అబద్ధం.

వేదం వినే అధికారం కూడా ఆడవాళ్ళకి, చాలా కులాలకి లేదన్నారు. ఇతిహాస పురాణాలు మాత్రం వాళ్ళ కోసమే అన్నారు. కానీ ఎలా? వినడానికి. చదివి అర్థం చెప్పేవాడు వేరే ఉంటాడు. వెయ్యేళ్ళ కిందట రాజుగారు అడిగితే కవి ఇతిహాసాన్ని తెలుగు చేశాడంటే, అది వెంటనే కమతం చేసేవాడి చేతికి వచ్చిందనుకోకండి. తాటాకు ప్రతులు ఎందరి ఇళ్ళలో ఉంటాయి? పైగా ఆ పద్యాల తెలుగు కూడా చదువుకున్నవాడికే కొరుకుడుపడేది. అందుకే ఊళ్ళలో పురాణ కాలక్షేపమంటే అరుగు మీద ఇద్దరు కూర్చునేవారు. ఒకరు పద్యం రాగంగా చదివేవారు, ఇంకొకరు అర్థం చెప్పేవారు. తెలుగు పద్యానికి మళ్ళీ తెలుగులో అర్థం! ఆ రెండోవాడి చేతిలోనే అసలు అధికారం. ఏ కథ దగ్గర ఆగాలో, ఏది దాటెయ్యాలో, ఎవరికి చురక వెయ్యాలో అతని ఇష్టం.

దాన్ని కొంత కదిలించింది ద్విపద. రెండేసి పాదాలు, పాడుకోవడానికి తేలిక. భక్తి ఉద్యమాల వాళ్ళు దాన్ని పట్టుకున్నారు. విని కంఠస్థం చేసి, దంచుకుంటూ, నాట్లు వేసుకుంటూ పాడుకున్నవాళ్ళకి మధ్యలో అర్థం చెప్పేవాడి అవసరం తగ్గింది. అక్షరం రాకపోయినా కథ వాళ్ళదైంది. తమకి కావలసినట్టు పెంచుకున్నారు, తుంచుకున్నారు కూడా.

తరవాత అచ్చు వచ్చింది. క్రైస్తవ మిషనరీలు తమ గ్రంథాన్ని తెలుగు చేయించడానికి మన పండితులనే కూర్చోబెట్టుకున్నారు. వాళ్ళు చేసిన ఇంకో పని దానికన్నా పెద్దది. చదవడం రాకపోతే భక్తుడివి కాలేవన్నట్టు, బడి మెట్టు ఎక్కనివ్వని కులాలకి అక్షరాలు నేర్పారు. అలా నేర్చుకున్న ఆడవాళ్ళు ఇల్లిల్లూ తిరిగి చదివి వినిపించారు. అది చూసి మనవాళ్ళూ చౌక పుస్తకాలు వేశారు. సంస్కృతాన్ని తెలుగు లిపిలో వేసేసరికి, అర్థం తెలియకపోయినా శ్లోకాన్ని ఎవరైనా పైకి చదవగలిగే రోజు వచ్చింది. మరి అర్థం? అదిగో, అక్కడే మా బోటివాళ్ళం దిగబడ్డాం. పురాణ కాలక్షేపంలో రెండోవాడు అరుగు దిగి పేజీ అడుగున కూర్చున్నాడు. అరుగు మీదున్నప్పుడు కనీసం అతనికి ఎదురు ప్రశ్న వెయ్యొచ్చు. పేజీ అడుగున ఉన్నవాడు ఎవరికీ కనపడడు.

రావికమతం వైపు ఒక చర్చిలో

ఉద్యోగం చివర్లో, ఒక స్నేహితుడి మాట కాదనలేక, క్రైస్తవ గ్రంథం కొత్త అనువాదం భాషను సరిచూసే పనికి వెళ్ళాను. పాత అనువాదం గ్రాంథికం. కొత్తది వాడుక భాష. చర్చి సంఘాల్లో చదివి వినిపించి జనం ఏమంటారో రాసుకోమన్నారు. రావికమతం వైపు ఒక పల్లెలో, ఒక కీర్తన కొత్త తెలుగులో చదివాను. ఎంత హాయిగా ఉందో నాకు! ముందు వరసలో ఒక ముసలామె మొహం చిట్లించింది.

"ఏటి బాబూ ఇది? పేపరు సదివినట్టుంది. మా దేవుడి మాట ఇలాగుండదు."

"అర్థం తేలిగ్గా ఉంది కదమ్మా?"

"అర్థం నాకు తెలుసు. నాను పుట్టిన కాడనుంచీ సెప్పుకుంటన్నాను. నువ్వు పాతది తే."

నేను నవ్వుకున్నాను, మనసులో కాస్త చులకనగానే. ఇప్పుడు అనిపిస్తోంది, ఆమె నాకు పాఠమే చెప్పిందని. ఆ పాత తెలుగు కూడా ఒకప్పుడు ఎవరో బల్ల ముందు కూర్చుని కొట్టివేతలతో రాసిందే. రెండు తరాలు గడిచేసరికి అదే మూలం అయిపోయింది. అనువాదకుడు రాసింది దేవుడు అన్నట్టే నిలుస్తుంది. అందులో మంచి ఉంటే మంచి నిలుస్తుంది, చెత్త ఉంటే చెత్త నిలుస్తుంది.

మా పెద్దాయన

మా సంస్థ యజమానిని అందరం పెద్దాయన అనేవాళ్ళం. పిసినారి కాదు, దుర్మార్గుడు కాదు. ఉద్యోగి ఇంట్లో జబ్బయితే స్వయంగా వచ్చి కూర్చునేవాడు. పుస్తకాల విషయంలో మాత్రం మొండి. "శ్లోకం ముట్టుకోకు, అది దేవుడిది. తాత్పర్యం మనది" అనేవాడు. నేను ఆ మాటను గొప్ప సూత్రంలా పదిమందికీ చెప్పేవాణ్ణి.

కార్తీకంలో చదువుకునే ఒక మాహాత్మ్యానికి తాత్పర్యం రాస్తున్నప్పుడు, చివర ఫలశ్రుతి వచ్చింది. అంటే ఈ గ్రంథం చదివినా విన్నా ఏ ఫలం దక్కుతుందో చెప్పే శ్లోకాలు. అందులో అన్ని వర్ణాలవారికీ, స్త్రీలకీ ఫలం ఉందని ఉంది. పెద్దాయన చూసి గొంతు సవరించుకున్నాడు. "ఇలా వదిలేస్తే పెద్దవాళ్ళు మన పుస్తకం ముట్టరు. ఆడవాళ్ళు స్వయంగా చదవకూడదు, పెద్దల నోట వింటే అదే ఫలం దక్కుతుంది అని ఒక వాక్యం కలపండి" అన్నాడు.

కలిపాను. అది చాలదన్నట్టు, ఆ వాక్యం చక్కగా వచ్చేదాకా దిద్దాను. మూలం వాక్యాల పక్కన అతుకు కనపడకూడదు కదా! పెద్దాయన మెచ్చుకున్నాడు. ఆ పుస్తకం మళ్ళీ మళ్ళీ అచ్చయింది.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళకి నేను చెప్పగలిగిన ఏకైక వృత్తి సలహా ఇది. మీ అభిప్రాయం రాయాలంటే రాయండి, కింద మీ పేరు పెట్టి రాయండి. దేవుడి గొంతు అరువు తెచ్చుకోకండి.

సెమినార్ రోజు

మాధవి తెలివైన పిల్ల. ప్రొఫెసర్లతో సరిపెట్టకుండా చుట్టుపక్కల భజన బృందాలవాళ్ళని, చర్చివాళ్ళని, మసీదులో పిల్లలకి పాఠం చెప్పే ఒకాయన్ని కూడా పిలిచింది. ఆయన మంచి మాట చెప్పారు. వాళ్ళ గ్రంథం అరబ్బీలో పైకి చదవడం చిన్నప్పుడే వచ్చేసిందట, ఏం చదువుతున్నానో మాత్రం పెద్దయ్యాక తెలుగు భావానువాదం చేతికొచ్చాకే తెలిసిందట. అయినా దాన్ని మూలం అనరు, భావం అనే అంటారట. ఆ జాగ్రత్త మాకు ఉంటే బాగుండేది.

నేను నా వ్యాసం చదివాను. తెలుగు అనువాదాలు తలుపులు తెరిచాయన్నాను. చప్పట్లు కొట్టారు. అప్పుడు వెనక వరసలోంచి ఒకావిడ లేచింది. ముదురాకుపచ్చ చీర, చేతిలో నలిగిన పుస్తకం. గొలుగొండ దగ్గర పల్లె, పేరు వరహాలమ్మ, ఊళ్ళోవాళ్ళ నోట వరాలమ్మ. చెరకు పని చేసుకుంటుంది. వయోజన విద్య బడిలో అక్షరాలు నేర్చుకుందని మాధవి తరవాత చెప్పింది.

"సారూ, తలుపులు తీసేరన్నారు కదా. నాకు ఒక అనుమానం. ఈ పుస్తకంలో ఆడోళ్ళు సదవకూడదని రాసుంది. మా ఊరి భజన మందిరంలో కార్తీకంలో నాను సదువుతానంటే ఇది సూపించి ఒద్దన్నారు. ఇది సంస్కృతంలో ఉందేటండీ?"

ఆ పుస్తకం అట్ట చూడగానే పోల్చుకున్నాను. నా చెవులు వేడెక్కాయి. ఏం చేశానో తెలుసా? గొంతు సవరించుకుని, "ఫలశ్రుతుల్లో పాఠాంతరాలు చాలా ఉంటాయమ్మా, సంప్రదాయ దృష్టితో చూస్తే..." అని మొదలుపెట్టాను.

"సదువుకున్న మాటలొద్దు సారూ. ఉందా, లేదా?"

హాలులో ఎవరో కిసుక్కుమన్నారు. మాధవి నన్నే చూస్తోంది.

"లేదమ్మా" అన్నాను. "మేము కలిపాం. ఆ తాత్పర్యం రాసింది నేనే."

ఆవిడ పక్కనే ఒక పెద్దమనిషి కూర్చుని ఉన్నారు, తెల్ల పంచె, భుజం మీద కండువా. సత్యంనాయుడు గారు, ఆ భజన మందిరానికి పెద్ద. ఆవిడని వద్దన్నది ఆయనే. మెల్లగా లేచారు.

"అంటే, ఇది దేవుడి మాట కాదేటి?"

"కాదండీ."

"నాను సొంతంగా ఎవుల్నీ ఆపలేదు సారూ. పుస్తకంలో ఉందనీసి ఆపేను. మా అప్పకి సదువంటే పేణం. ఆవిడొచ్చి ఒక్కరోజు సదువుతాన్రా తమ్ముడూ అంటే, తప్పు కదప్పా అన్నాను. ఇదే పుస్తకం సూపించేను. ఇప్పుడావిడ లేదు." ఆయన వరహాలమ్మ చేతిలోని పుస్తకం వైపు చూశారు. "ఎంత పని సేసేరండీ మీరు!"

తిట్టినా బాగుండేది. అలా అని కూర్చుండిపోయారు. నేను వేదిక మీద నిలబడి ఉన్నాను, చేతిలో నా వ్యాసం. సిగ్గంటే ఏమిటో ఈ వయసులో, పిల్లల ముందు తెలుసుకున్నాను.

సభ అయ్యాక నాయుడు గారే నా దగ్గరకి వచ్చారు. "నాను సెబితే మా ఊళ్ళో నమ్మరు. పుస్తకం అబద్దమంటే నన్నే పిచ్చోణ్ణంతారు. రాసినోరు మీరే కాబట్టి మీరొచ్చి సెప్పండి. ఈ ఏడు వరాలమ్మే సదువుద్ది."

వస్తానన్నాను. ఆ పని నిజంగా చెయ్యాలనుకున్నాను. ఒక మనిషికైనా ఆ పుస్తకం తిరిగి ఇవ్వగలిగితే చాలనుకున్నాను.

భజన మందిరంలో

కార్తీకం మొదటి సాయంత్రం వెళ్ళాను. మందిరం నిండా జనం. మైకు పట్టుకుని అందరి ముందూ చెప్పాను, ఆ వాక్యం మూలంలో లేదని, నేనే రాశానని, నాది తప్పని. గుసగుసలు లేచాయి. ఒక ముసలాయన, "ఓలమ్మ, దేవుడి పుస్తకంలో కూడా కల్తీయేనేటి!" అన్నాడు. నాయుడు గారు అందరినీ ఊరుకోబెట్టి పుస్తకాన్ని వరహాలమ్మ చేతిలో పెట్టారు.

ఆవిడ చదివింది. సమాసాల దగ్గర తడబడింది, వేలు పెట్టి కూడబలుక్కుంది, మళ్ళీ అందుకుంది. ఆ రోజు కథ ఒక పేదరాలిది. పుల్లలు ఏరుకోవడానికి వెళ్ళి, ఏటి ఒడ్డున ఎవరో పెట్టిన దీపం కొడిగడుతుంటే చలికి చేతులు కాచుకోవడానికి అడ్డం పెడుతుంది. దీపం నిలుస్తుంది. ఆ పుణ్యంతో ఆమె స్వర్గానికి వెళుతుంది. తెలియక చేసిన మంచికి కూడా ఫలం ఉంటుందని తాత్పర్యం.

వరహాలమ్మ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని జనాన్ని చూసింది. భయం పోయినట్టుంది, మొహం వెలుగుతోంది.

"తెలీక సేసిందని రాసేరు. నానైతే అలాగనుకోను. పుల్లలేరుకునేదానికి దీపమంటే తెలీదేటి? సలిలో దీపం ఎంతో దానికే తెలుసు. ఆరిపోతే పెట్టినోళ్ళు బాధపడతారని దానికి తెలుసు. తెలిసే అడ్డెట్టింది. సేతులు కాసుకుంతన్నానని పైకి సెప్పుంటది. మనం సెప్పమేటి అలాగ?"

ఆడవాళ్ళు నవ్వారు. ఎవరో "అవును సుమీ" అన్నారు. ఇంకో మాట కోసం అందరూ ముందుకు వంగారు.

ఆ క్షణంలో నా నోట్లోంచి ఒక మాట వచ్చింది. ఎవరూ అడగలేదు. అలవాటు.

"అది కాదమ్మా. మూలంలో ఆమెకు తెలియదనే స్పష్టంగా ఉంది."

అన్నది అంతే, మెల్లగానే అన్నాను. కానీ తలలన్నీ ఒక్కసారిగా నా వైపు తిరిగాయి. ఎవరో మైకు తెచ్చి నా ముందు పెట్టారు. "సారు సెప్తారు, ఆగవే" అన్నాడు ఆ ముసలాయన. వరహాలమ్మ మొహంలో వెలుగు పోయింది.

"కాదు కాదు, నువ్వే చెప్పమ్మా, నువ్వన్నది బాగుంది" అన్నాను కంగారుగా.

"తప్పు సెప్పీసేను కదండీ. మీరే సెప్పండి" అని పుస్తకం నా చేతికిచ్చింది.

చెప్పాను. ఏం చెయ్యను, అందరూ చూస్తున్నారు. ఒక్క మాట పొల్లు పోకుండా మూలంలో ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆవిడ చెప్పిన అర్థం కోసం వంగినట్టు ఎవరూ వంగలేదు. అయినా అయ్యాక దండం పెట్టారు. వెయ్యేళ్ళలో ఎంతోమంది చేతులు మారి ఆవిడ దాకా వచ్చిన అధికారాన్ని నేను ఒక్క ముక్కతో లాక్కున్నాను. పోనీ నేనన్నది తప్పా? కాదు, ఒప్పే. అదే నన్ను ఇంకా కాల్చేస్తోంది. తప్పు వాక్యం రాసి ఆపినదానికన్నా, ఒప్పు మాట చెప్పి ఆపడం ఇంకా తేలికని నాకు ఎవరూ చెప్పలేదు.

మర్నాడు పొద్దున్నే నాయుడు గారు ఫోన్ చేశారు.

"సారూ, వరాలమ్మ సదవనంటందండీ. పెద్దోరు తప్పన్నాక ఏ మొకం ఎట్టుకుని సదవాల అంటంది. ఎంత సెప్పినా ఇనదు. మొదలెట్టిన పురాణం మధ్యలో ఆపకూడదు కదా. మీరు బేగి వచ్చీయండి, కారు పంపుతాను."

ఆవిడనే ఒప్పించండి, నేను రాను అనాలి. ఆవిడ ఇంటికి వెళ్ళి, గుమ్మంలో నిలబడి, నువ్వు చెప్పిందే వినాలని ఉందమ్మా అనాలి. ఫోన్ పట్టుకుని ఇవన్నీ అనుకున్నాను.

వెళ్ళాను. ఆ నెలంతా నేనే చదివాను, నేనే అర్థం చెప్పాను. వరహాలమ్మ రోజూ వచ్చి ఆడవాళ్ళ వరసలో కూర్చుని, చేతులు జోడించి విన్నది.